అద్దం లెక్కలో −30 కొడితే తప్పంట, దూరం సరిగ్గానే ఉంది కదా?

కావలి_రమ్య

మా చెల్లి ఇంటర్ సెకండియర్. ఆన్‌లైన్ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది: పుటాకార దర్పణం నాభ్యంతరం 15 సెం.మీ., వస్తువు దర్పణానికి 10 సెం.మీ. దూరంలో ఉంది, ప్రతిబింబ దూరం v ఎంత? ఆప్షన్లు లేవు, డబ్బాలో అంకె కొట్టాలి. ఇది −30 కొట్టింది. కీలో 30 ఉంది. మార్కు పోయింది.

కాగితం మీద చేసింది ఇంతే:

```
1/u + 1/v = 1/f
1/10 + 1/v = 1/15
1/v = 1/15 − 1/10 = −1/30
v = −30
```

కిరణాల పటం కూడా గీసింది. ప్రతిబింబం అద్దం వెనక 30 దగ్గరే పడింది, నిటారుగా, వస్తువుకి మూడింతలు ఉంది. మిథ్యా ప్రతిబింబం కాబట్టి మైనస్ రావాల్సిందే అంటోంది. తప్పు కీదా, దీనిదా? అబ్జెక్షన్ పెట్టడానికి రేపు సాయంత్రం దాకా టైముంది.

మైపాడు_అల

మిథ్య అంటే మైనస్. ఇందులో అనుమానం ఏముంది? కీ తప్పు, అబ్జెక్షన్ పెట్టేయండి.

చీమకుర్తి_రాయి

మైపాడు అన్నా, ఏ పద్ధతిలో మైనస్ అని అడగాలి ముందు. ఇప్పటి పుస్తకాల్లో నిజమా మిథ్యా అని చూడరు. కాంతి పోయే దిశలో కొలిస్తే ప్లస్, ఎదురు దిశలో కొలిస్తే మైనస్. అద్దం వెనక్కి కొలిచారు కాబట్టి ప్లస్ 30. కీ కరెక్టే.

మైపాడు_అల

అద్దం వెనక కాంతే పోదు కదబ్బా. పోని దిశలో ప్లస్ ఎట్టా వస్తుంది?

చీమకుర్తి_రాయి

వెనక్కి పోతుందని కాదు. అద్దం మీద పడేటప్పుడు ఏ దిశలో వస్తోందో అదే ప్లస్ దిశ. ఆ దిశలోనే గీత పొడిగిస్తే అద్దం వెనక్కే పోతుంది.

గూడూరు_లాస్ట్‌బెంచ్

నాకు 6 వచ్చింది. ఎవరూ నవ్వొద్దు.

అద్దంకి_శీను

6 ఎట్టా వచ్చింది సామీ. ముప్పయ్యా మైనస్ ముప్పయ్యా అని కొట్టుకుంటుంటే మధ్యలో మూడో పార్టీ.

కందుకూరు_లెక్కలు

6 సంగతి తర్వాత చెప్తాను, అది కూడా పనికొచ్చే తప్పే. ముందు రమ్య గారిని ఒకటి అడగాలి. కీలో 30 అన్నంత మాత్రాన అది +30 అని అనుకోలేం. గుర్తుతో పని లేకుండా ఉత్త దూరం అడిగినా కీలో 30 అనే ఉంటుంది. అదే పేపర్లో లెన్స్ లెక్క ఏదన్నా ఉందా? మిథ్యా ప్రతిబింబం వచ్చే లెన్స్ లెక్క అయితే ఇంకా మంచిది. దాని కీ ఏంటి, మీ చెల్లెలు ఏం కొట్టిందో చెప్పండి. మిగతా అద్దం లెక్కలున్నా పెట్టండి.

కావలి_రమ్య

పేపర్ తీయించాను. ఈ చాప్టర్లో మొత్తం ఐదు లెక్కలు.

కుంభాకార కటకం f 15, వస్తువు 10 దగ్గర. ఇది −30 కొట్టింది, కీ −30. ఒప్పు.
కుంభాకార కటకం f 10, వస్తువు 15 దగ్గర. ఇది 30, కీ 30. ఒప్పు.
పైన చెప్పిన పుటాకార దర్పణం. ఇది −30, కీ 30. తప్పు.
పుటాకార దర్పణం f 15, వస్తువు 20 దగ్గర. ఇది 60, కీ −60. తప్పు.
కుంభాకార దర్పణం f 15, వస్తువు 30 దగ్గర. ఇది −10, కీ 10. తప్పు.

లెన్సులన్నీ ఒప్పు, అద్దాలన్నీ తప్పు. అంకె ఒక్కటీ తేడా లేదు, గుర్తే తేడా.

చీమకుర్తి_రాయి

ఆహా. ఇంక కీ తప్పనడానికి లేదు. మూడింటికి మూడూ అచ్చు తిరగేసినట్టు వచ్చాయంటే అక్కడ పద్ధతే వేరు.

కందుకూరు_లెక్కలు

అంతే. మొదటి లెన్స్ లెక్కకి కీ −30 అంటే పేపర్ వాళ్ళు గుర్తుతోనే అడుగుతున్నారు, ఉత్త దూరం కాదు. ఇంక అద్దానికి మిథ్యా ప్రతిబింబం +30, నిజ ప్రతిబింబం −60 ఇచ్చారు కాబట్టి అది కార్టీజియన్ పద్ధతి. ఎన్‌సీఈఆర్‌టీలో పదిలోనూ పన్నెండులోనూ ఉండేది అదే.

మీ చెల్లెలు వాడింది పాత పద్ధతి. నిజమైనవన్నీ ప్లస్, మిథ్యవి మైనస్. సూత్రం అద్దానికీ లెన్స్‌కీ ఒకటే, 1/u + 1/v = 1/f. ఎవరో పాత నోట్సు ఇచ్చి ఉంటారు, లేదా ఇంట్లో పెద్దవాళ్ళు నేర్పి ఉంటారు. ఆ పద్ధతి తప్పు కాదు. కానీ లెన్సుల్లో దొరక్కుండా అద్దాల్లోనే ఎందుకు దొరికిపోయిందో చూడండి, అసలు విషయం అక్కడుంది.

లెన్స్ దాటాక కాంతి ముందుకే పోతుంది. నిజ ప్రతిబింబం లెన్స్‌కి అవతల పడుతుంది. అవతల అంటే కాంతి పోయే దిశ, కాబట్టి కార్టీజియన్‌లో ప్లస్. పాత పద్ధతిలో నిజమైంది కాబట్టి ప్లస్. మిథ్య ఇవతలే ఉంటుంది, రెండింట్లోనూ మైనస్. అంటే లెన్స్‌కి v గుర్తు రెండు పద్ధతుల్లోనూ ఒకటే. f కూడా ఒకటే, కుంభాకారం ప్లస్, పుటాకారం మైనస్. మారేది ఒక్క u. పాతదాంట్లో +10, ఇప్పటి దాంట్లో −10. ఆ ఒక్కటి మారింది కాబట్టే సూత్రంలో 1/u ముందు ప్లస్ పోయి మైనస్ వచ్చింది. చివరికి జవాబు అదే.

అద్దం కాంతిని వెనక్కి తిప్పేస్తుంది. నిజ ప్రతిబింబం అద్దం ముందే పడుతుంది, అది కాంతి వచ్చిన దిశకి ఎదురు. కాబట్టి కార్టీజియన్‌లో మైనస్, పాతదాంట్లో ప్లస్. f అంతే, u అంతే. మూడూ తిరగబడతాయి. మూడూ ఒకేసారి తిరగబడితే సమీకరణం మొత్తాన్ని −1తో గుణించినట్టు. అందుకే అద్దం సూత్రం రెండు పద్ధతుల్లోనూ చూడ్డానికి ఒకేలా ఉంటుంది. సూత్రం చూసి తేడా కనిపెట్టలేరు, పిలకాయలు దొరికిపోయేది ఇక్కడే.

కావలి_రమ్య

ఇప్పుడర్థమైంది. దాని నోట్సులో లెన్స్‌కి కూడా ప్లస్ సూత్రమే ఉంది, క్లాసులో మైనస్ చెప్పారంట. రెండింటికీ అదే జవాబు వస్తోంది కదా అని తనకి అలవాటైంది వాడుతోంది.

మైపాడు_అల

సరే, ఒప్పుకున్నా. అట్టయితే అద్దం లెక్క వచ్చినప్పుడు పాత పద్ధతిలోనే చేసుకుని చివర్లో గుర్తు తిప్పేస్తే సరిపోతుంది కదా? కొత్తగా నేర్చుకునే పనేముంది?

చీమకుర్తి_రాయి

v ఒక్కటే అడిగితే సరిపోతుంది. ఆవర్ధనం అడిగితే? అది కూడా తిప్పేస్తారా?

మైపాడు_అల

తిప్పేస్తా.

చీమకుర్తి_రాయి

పోయినట్టే.

కందుకూరు_లెక్కలు

చీమకుర్తి గారన్నది నిజం. అద్దానికి m = −v/u. ఈ లెక్కలో కార్టీజియన్‌లో v +30, u −10, కాబట్టి m = +3. పాత పద్ధతిలో v −30, u +10, అప్పుడూ +3. పైనా కిందా రెండూ తిరిగాయి కాబట్టి నిష్పత్తి కదల్లేదు. m ప్లస్ అంటే నిటారు, మైనస్ అంటే తలకిందులు. ఏ పద్ధతి పట్టుకున్నా ప్రతిబింబం తలకిందులవడం మారదు కదా.

ఇదే మంచి తనిఖీ కూడా. మైపాడు గారు చెప్పినట్టు చివర్లో v ఒక్కదాన్నే తిప్పి, u పాతదే ఉంచి m కడితే −30/10 = −3 వస్తుంది. తలకిందులు అని. వస్తువు నాభికీ అద్దానికీ మధ్యలో ఉంటే పుటాకార దర్పణం నిటారు ప్రతిబింబమే ఇస్తుంది. పటం నిటారుగా ఉండి m మైనస్ వచ్చిందంటే ఎక్కడో రెండు పద్ధతులు కలిశాయని అర్థం. గుర్తులు కరెక్టో కాదో తేలకపోయినా, కలగాపులగం అయ్యాయా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

గూడూరు_లాస్ట్‌బెంచ్

నా 6 ని మర్చిపోయారు.

కందుకూరు_లెక్కలు

మర్చిపోలా. నువ్వు u కి −10 వేసి, f కి గుర్తు వెయ్యకుండా 15 వేశావు. అవునా?

```
1/v = 1/15 − 1/(−10) = 1/15 + 1/10 = 1/6
```

గూడూరు_లాస్ట్‌బెంచ్

అవును. ప్రశ్నలో నాభ్యంతరం 15 అనే ఉంది కదా సార్, మైనస్ లేదు.

కందుకూరు_లెక్కలు

ప్రశ్నలో వస్తువు దూరం 10 అనే ఉంది, దానికి మాత్రం మైనస్ నువ్వే పెట్టుకున్నావు కదా. ప్రశ్నలో ఇచ్చేది దూరాలు. ఏ రకం అద్దమో పేరు చూసి గుర్తు మనమే పెట్టుకోవాలి. పుటాకార దర్పణం నాభి అద్దం ముందుంటుంది, కాబట్టి f మైనస్.

నీ 6 ఉత్తుత్తి అంకె కాదు. f = +15 అంటే కుంభాకార దర్పణం. ఆ అద్దం ముందు 10 దగ్గర వస్తువు పెడితే ప్రతిబింబం సరిగ్గా వెనక 6 దగ్గరే పడుతుంది. అంటే లెక్క తప్పు చెయ్యలేదు నువ్వు, వేరే అద్దానికి చేశావు. అందుకే చూడ్డానికి బాగానే కనిపిస్తుంది. గుర్తు ప్లస్, అద్దం వెనక, మిథ్య, అన్నీ కుదిరాయి. పట్టుకోవాలంటే సైజు చూడాలి. m = −6/(−10) = 0.6, వస్తువుకన్నా చిన్నది. గడ్డం గీసుకునే అద్దంలో మొహం చిన్నదిగా కనిపిస్తే ఎవరు కొంటారు? నాభి లోపల వస్తువుంటే పుటాకార దర్పణం పెద్దది చేసి చూపించాల్సిందే. పైగా మిథ్య అయినప్పుడు v అంకె u అంకె కన్నా పెద్దదే రావాలి. 6 అనగానే అనుమానం రావాలి.

గూడూరు_లాస్ట్‌బెంచ్

లెన్స్‌కి కూడా ఇట్టా వేరే లెన్స్ లెక్క అయిపోతుందా?

కందుకూరు_లెక్కలు

అవుతుంది. f 15 కుంభాకార కటకానికి మైనస్ సూత్రం రాసి u ని +10 గానే వేశావనుకో, అక్కడా 6 వస్తుంది. ఈసారి లెన్స్ అదే, వస్తువు మారిపోయింది. u ప్లస్ అంటే కాంతి అప్పటికే ముడుచుకుంటూ వచ్చి, లెన్స్ లేకపోతే అవతల 10 దగ్గర కలవబోతోందని అర్థం. లెన్స్ దాన్ని ఇంకాస్త ముందే, 6 దగ్గర కలిపేస్తుంది. మామూలు వస్తువు ఎదురుగా ఉన్న లెక్కలో u ప్లస్ పడిందంటే సూత్రం కొత్తది, గుర్తు పాతది అని.

పెన్నా_మాస్టారు

పాత పద్ధతి మీద అందరూ పడ్డారు కాబట్టి చెబుతున్నాను. దానితో ఒక తరం మొత్తం లెక్కలు చేసింది, ఎవరికీ మార్కులు పోలేదు. ఒకే సూత్రం, ఒకే నియమం. పిల్లవాడు అంకెలు వేసుకుంటాడు, మైనస్ వస్తే మిథ్య అని రాస్తాడు. దానికి దిశలు, అక్షాలు ఎందుకు?

చీమకుర్తి_రాయి

మాస్టారూ, పద్ధతి తప్పనడం లేదు ఎవరూ. పేపర్ ఇంకో పద్ధతిలో దిద్దుతుంటే ఇది వాడితే పోయేది పిల్లల మార్కులే కదా.

పెన్నా_మాస్టారు

అయితే ప్రశ్నలో చెప్పాలి. 'ప్రతిబింబ దూరం ఎంత' అని అడిగి ఊరుకుంటే 30 సెం.మీ. అనేదే జవాబు, దూరానికి మైనస్ ఏమిటి? గుర్తు కావాలంటే ఫలానా సంప్రదాయం ప్రకారం అని ఒక ముక్క రాయొచ్చుగా. నా లెక్కన అబ్జెక్షన్ పెట్టదగ్గ ప్రశ్నే ఇది.

కందుకూరు_లెక్కలు

ప్రశ్నలో రాసి ఉంటే బాగుండేదన్నది ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ సిలబస్ పుస్తకంలో ఒకే సంప్రదాయం ఉన్నప్పుడు ప్రశ్నలో మళ్ళీ రాయరు. పైగా ఈ అమ్మాయి 30 కొట్టి గుర్తు గురించి అడగడం లేదు, మైనస్ కొట్టింది. 'గుర్తు అడగలేదు' అనే వాదన తన జవాబుకి పనికి రాదు.

పాత పద్ధతికి ఇంకో ఇరుకు కూడా ఉంది. ఒకే అద్దం, ఒకే లెన్స్ ఉన్నంత వరకు హాయి. రెండు మూడు కలిపితే, మొదటి ప్రతిబింబం రెండోదానికి వస్తువయ్యేటప్పుడు అది నిజ వస్తువా మిథ్యా వస్తువా అని ప్రతిసారీ ఆగి తేల్చుకోవాలి.

పెన్నా_మాస్టారు

మీ దాంట్లోనూ ఆగాలి. దిశ మారిందా లేదా అని.

అద్దంకి_శీను

మాస్టారు నా నోట్లో మాట అందుకున్నారు. నేను ఇరుక్కుంది సరిగ్గా అక్కడే, అందుకే ఈ థ్రెడ్ చదువుతున్నా. కుంభాకార కటకం f 10, వస్తువు ఎడమవైపు 15 దగ్గర. లెన్స్‌కి కుడివైపు 50 దగ్గర పుటాకార దర్పణం, f 15. కాంతి అద్దానికి తగిలి మళ్ళీ లెన్స్ గుండా వెనక్కి వస్తుంది, చివరి ప్రతిబింబం ఎక్కడ? నాకు అనంతం వస్తోంది. జవాబు లెన్స్‌కి ఎడమవైపు 5 సెం.మీ. అని ఉంది. మైనస్సో ప్లస్సో తేడా అయితే సర్దుకుందును, అనంతానికీ ఐదుకీ ఎట్టా సర్దుకునేది?

మైపాడు_అల

అద్దంకి వాళ్ళకి అద్దం లెక్క తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందబ్బా.

అద్దంకి_శీను

ఈ జోకు పుట్టినప్పటి నించి వింటన్నా.

కందుకూరు_లెక్కలు

శీనూ, మొదటి రెండు మెట్లలో ఇబ్బంది ఉండదు. మొదట లెన్స్:

```
1/v = 1/10 − 1/15 = 1/30,  v = +30
```

లెన్స్‌కి కుడివైపు 30 దగ్గర ప్రతిబింబం. అద్దం 50 దగ్గరుంది, కాబట్టి ఈ ప్రతిబింబం అద్దానికి 20 ముందు. అద్దానికి u −20, f −15:

```
1/v = −1/15 + 1/20 = −1/60,  v = −60
```

అద్దం నించి లెన్స్ వైపు 60. లెన్స్ 50 లోనే అడ్డం ఉంది. కాబట్టి కాంతి అక్కడ కలవకముందే లెన్స్ మీద పడుతుంది. లెన్స్ లేకపోతే దానికి ఎడమవైపు ఇంకో 10 పోయి కలిసేది. ఇక్కడిదాకా నీకూ ఇంతే వచ్చిందా?

అద్దంకి_శీను

అంతే వచ్చింది. ఆ బిందువు లెన్స్‌కి ఎడమవైపు 10, కాబట్టి u −10 వేశా. f +10. 1/v = 1/10 − 1/10 = 0.

కందుకూరు_లెక్కలు

ఇప్పుడు కాంతి ఎటు పోతోంది? కుడి నించి ఎడమకి. లెన్స్ మీద పడే కాంతి దిశే ప్లస్ అనుకున్నాం కదా, ఈ మూడో మెట్టుకి ఎడమ ప్లస్. ఆ బిందువు లెన్స్ దాటాక, కాంతి పోయే వైపే 10 దూరంలో ఉంది. u +10.

```
1/v = 1/10 + 1/10 = 1/5,  v = +5
```

ప్లస్ అంటే కాంతి పోయే వైపు, అంటే లెన్స్‌కి ఎడమవైపు 5.

నువ్వు u గుర్తు మొదటి మెట్టులోని దిశ ప్రకారం వేశావు, f మాత్రం కాంతి ఎటు పోయినా ప్లస్సే అన్నట్టు వేశావు. ఒకవేళ మొత్తం లెక్కకి కుడే ప్లస్ అని పట్టుబట్టినా కుదురుతుంది, కానీ అప్పుడు వెనక్కి వచ్చే కాంతికి కుంభాకార కటకం f −10 అవుతుంది. 1/v = −1/10 − 1/10, v = −5. ఎడమవైపు 5. రెండూ ఒకటే చోటు. సగం ఇటూ సగం అటూ వేసినప్పుడే అనంతం వస్తుంది.

అంకె చూడకముందే కూడా పట్టుకోవచ్చు. అనంతం అంటే లెన్స్ నించి కిరణాలు సమాంతరంగా బయటికొస్తున్నాయని. అప్పటికే ముడుచుకుంటూ వస్తున్న కాంతిని కుంభాకార కటకం ఇంకా ముడుస్తుంది కానీ విప్పి సమాంతరం చెయ్యదు. ఆ పని చెయ్యాలంటే పుటాకార కటకం కావాలి.

అద్దంకి_శీను

వచ్చేసింది. రెండుసార్లు చేసి చూసుకున్నా. మాస్టారూ, మీ పాత పద్ధతిలో ఇది ఎట్టా చేస్తారు?

పెన్నా_మాస్టారు

మూడో మెట్టులో వస్తువు మిథ్య, కాబట్టి u −10. f +10. 1/v = 1/10 + 1/10. v +5, ప్లస్ కాబట్టి నిజ ప్రతిబింబం, కాంతి పోయే వైపు 5. దిశ గొడవే లేదు, చూశారా.

చీమకుర్తి_రాయి

నిజం చెప్పాలంటే ఈ లెక్కకి మాస్టారిదే పొట్టిగా ఉంది. మెచ్చుకోవాల్సిందే.

ట్రంకురోడ్డు_చలవద్దాలు

షాపులో కూర్చుని చదువుతున్నా. మా దగ్గర కూడా ప్లస్ మైనస్ గొడవే. దూరం కనపడని వాళ్ళకి మైనస్ పవర్ ఇస్తాం, అది కూడా మిథ్య అయినందుకేనా?

కందుకూరు_లెక్కలు

అడిగింది వేరే సంగతే అయినా ఇదీ సంబంధం ఉన్నదే. మీరిచ్చే మైనస్ లెన్స్ రకానిది, పుటాకార కటకం కాబట్టి. కానీ ఆ మైనస్ పుట్టేది v గుర్తు నించే. ఒకాయనకి 80 సెం.మీ. దాటితే మసక అనుకోండి. ఎక్కడో దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబాన్ని ఆయన కళ్ళ ముందు 80 దగ్గరికి తేవాలి. అది కళ్ళద్దానికి వస్తువున్న వైపే, కాబట్టి v −80. u అనంతం, 1/u సున్నా. f −80 సెం.మీ., పవర్ −1.25. పరీక్షలో ఎవరన్నా v +80 వేస్తే +1.25 వస్తుంది, అంటే దగ్గర చూపు అద్దాలు. దూరం ఇంకా మసకైపోతుంది ఆయనకి. కంటికీ అద్దానికీ మధ్య ఉండే చిన్న ఎడం ఇక్కడ వదిలేశాను.

ట్రంకురోడ్డు_చలవద్దాలు

ఇంత లెక్క తెలియకుండానే ఇన్నాళ్ళు ట్రయల్ ఫ్రేమ్ పెట్టి ఇచ్చేస్తున్నాం. మైనస్ అద్దంలోంచి చూస్తే అక్షరం చిన్నదిగా కనపడుద్ది, అదొక్కటే గుర్తు మాకు.

గూడూరు_లాస్ట్‌బెంచ్

ఇంకో డౌట్. బొమ్మలో వస్తువు అద్దానికి కుడివైపు గీసి ఇస్తే? అప్పుడు కుడి ప్లస్ కాబట్టి u +10 కదా?

చీమకుర్తి_రాయి

కాదు. కాంతి కుడి నించి ఎడమకి పడుతోంది, ఎడమే ప్లస్. u −10, v +30. బొమ్మ తిప్పినా జవాబు మారదు.

మైపాడు_అల

గ్రాఫు పేపర్ మీద x అక్షం లాగా చూస్తే కుడి ఎప్పుడూ ప్లస్సే. అప్పుడు u +10, f +15, v −30. మళ్ళీ మన చెల్లెమ్మ జవాబే వచ్చింది చూడండి!

కందుకూరు_లెక్కలు

మైపాడు గారు ఈసారి సరిగ్గానే పట్టారు. అట్టా వేసినా లెక్క తప్పు కాదు. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీలో వస్తువు ఎప్పుడూ ఎడమవైపే పెట్టాలని ముందే కట్టేశారు కాబట్టి అక్కడ ఈ గొడవ రాదు. పన్నెండులో కాంతి పడే దిశ అని రాశారు. వస్తువు ఎడమనుంటే రెండూ ఒకటే. కుడినుంటే వేరవుతాయి.

చీమకుర్తి_రాయి

అట్టాంటి బొమ్మ ఇచ్చి డబ్బాలో v కొట్టమంటే నేను మాత్రం కాంతి దిశే పట్టుకుంటా.

మైపాడు_అల

నేను బొమ్మలో అక్షం గీశారా లేదా చూస్తా. x అని బాణం గీసి ఉంటే బాణమే పట్టుకుంటా.

గూడూరు_లాస్ట్‌బెంచ్

మీ ఇద్దరూ తేల్చుకోండి, నేను ఆ ప్రశ్న వదిలేస్తా.

కావలి_రమ్య

అబ్జెక్షన్ పెట్టడం లేదు. చెల్లి చేత అద్దం లెక్కలు మూడూ మళ్ళీ చేయించాను. −15, −10 రాసుకుని 1/v = −1/15 + 1/10 కట్టింది, 30 వచ్చింది. రెండోది −60, మూడోది 10. దాని నోట్సులో ప్లస్ సూత్రం ఉన్న పేజీ కొట్టేసింది. ఇప్పుడు ప్రాక్టికల్ రికార్డు పట్టుకుని కూర్చుంది. అందులో కుంభాకార కటకానికి f = uv/(u + v) అని ఉంది, క్లాసులో చెప్పిన సూత్రం నించి వేస్తే uv/(u − v) వస్తోంది. రికార్డు కూడా పాత పద్ధతేనా?

కందుకూరు_లెక్కలు

రికార్డుని కొట్టేయొద్దని చెప్పండి! ఆప్టికల్ బెంచి మీద స్కేలు చూసి రాసేవి ఉత్త దూరాలు, గుర్తులు లేవు. uv/(u + v) అలాంటి గుర్తు లేని అంకెలకి. సూది 30 దగ్గర, ప్రతిబింబం 60 దగ్గర వస్తే 1800/90 = 20. గుర్తులతో చెయ్యాలనుకుంటే uv/(u − v) లో u −30, v +60 వెయ్యాలి. −1800/−90, అదీ 20. గుర్తులు లేని అంకెలు తీసుకెళ్ళి మైనస్ ఉన్న సూత్రంలో వేస్తే 1800/(−30) = −60 వస్తుంది. కుంభాకార కటకానికి మైనస్ నాభ్యంతరం రాసిన రికార్డు చూస్తే లాబ్‌లో అందరికీ పండగే.

పెన్నా_మాస్టారు

రికార్డులో మాత్రం ఇంకా నా సూత్రమే నడుస్తోందన్నమాట.

చీమకుర్తి_రాయి

మాస్టారూ, అది మీ సూత్రం కాదు, స్కేలు సూత్రం.

పెన్నా_మాస్టారు

ఏదో ఒకటి. ప్లస్సే ఉందిగా.